పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్పు: పాస్‌పోర్టు, నివాస కార్డు, బ్యాంకు ఖాతా ఏ వరుసలో?

పెళ్లయితే ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. అందువల్ల మొదటి నిర్ణయం మీదే. పుట్టింటి పేరుతోనే కొనసాగుతూ పాస్‌పోర్టు చివరి పుటలో భర్త పేరు మాత్రం చేర్పించుకోవచ్చు. లేదా ఇంటిపేరు పూర్తిగా మార్చుకోవచ్చు. ఈ రెంటిలో దేనికైనా కొత్త పాస్‌పోర్టు పుస్తకమే ఇస్తారు, దాని నంబరూ మారుతుంది. తేడా ఏమిటంటే, పేరు కూడా మారితే ఆ మార్పు విదేశంలోని నివాస కార్డు, బ్యాంకు, బీమా, జీతం చీటీ వరకు ప్రతిచోటికీ పాకుతుంది. బంధువులు అడుగుతున్నారన్న ఒక్క కారణంతో ఈ పని మొదలుపెట్టకండి. శుభలేఖ మీద, పిలుపులో, ఇంటి గుమ్మం మీద ఏ పేరున్నా నష్టం లేదు. కాగితాల్లో మాత్రం సగం దారిలో ఆగిపోతే కష్టం.

మార్చుకోవాలనే అనుకున్నారు. ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మాయిది తిరుపతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు మల్లెల, పేరు లక్ష్మీ ప్రసన్న. జర్మనీలో ఉద్యోగం, అక్కడి నివాస అనుమతి కార్డు చేతిలో ఉంది. సెలవు పెట్టి వచ్చి తిరుపతిలో పెళ్లి చేసుకుంది. అబ్బాయి ఇంటిపేరు చౌడేపల్లి. తిరుగు టికెట్టు ముందే తీసుకుంది. విదేశంలో నివాస అనుమతి ఉండి, ఇక్కడ పెళ్లి చేసుకునే వాళ్లందరికీ వచ్చే చిక్కు ఇదే. దేశం మారితే కార్యాలయాల పేర్లు మారతాయి గానీ పనుల వరుస దాదాపు ఇదే.

ముందుగా ఒక కాగితం మీద పేరు రాసుకోండి

దరఖాస్తులు తెరిచే ముందు చేయాల్సిన పని ఇది. కొత్త పేరును ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాయండి. ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. చౌడేపల్లి అనే ఒక్క ఇంటిపేరుకే `CHOWDEPALLI`, `CHOWDEPALLE`, `CHOUDEPALLI` అని ఎన్ని వర్ణక్రమాలైనా ఉంటాయి. మామగారి ఇంటి పత్రంలో ఒకటి, మరిది ఆధార్‌లో ఇంకొకటి కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. భర్త పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే, అక్షరం పొల్లుపోకుండా దించుకోండి. రేపు పిల్లల పాస్‌పోర్టుకూ అదే కావాలి.

ఆ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో కూడా చూడండి. మన వైపు ఇది అరుదు కాదు. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు వల్ల, పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు మొత్తం పేరును ఒకే గడిలో పెట్టేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద వచ్చేవారి విషయంలో యూఏఈ 2022 నవంబరులో గట్టి నిబంధన పెట్టింది. భర్తకే ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందు ఆయన పాస్‌పోర్టు సరిచేయించాలి. ఆ తర్వాతే మీది.

ఎందుకింత పట్టుదల అంటే, విమానాశ్రయంలో యంత్రం చదివేది పైన ముద్రించిన పేరును కాదు, పుట అడుగున ఉండే రెండు వరుసలను. ఒక్కో వరుసలో 44 అక్షరాలుంటాయి. మొదటి వరుస పెళ్లికి ముందు, తర్వాత ఇలా ఉంటుంది:

```
P<INDMALLELA<<LAKSHMI<PRASANNA<<<<<<<<<<<<<<
P<INDCHOWDEPALLI<<LAKSHMI<PRASANNA<<<<<<<<<<
```

రెండు `<<` గుర్తులకు ముందున్నది ఇంటిపేరు, తర్వాతది అసలు పేరు. వీసా, నివాస కార్డు ఈ విభజననే అనుసరిస్తాయి. మనం పలికేటప్పుడు ఇంటిపేరు ముందు, అక్కడివాళ్లు పలికేటప్పుడు చివర. ఈ వరుస తారుమారైనా గడులు సరిగ్గా ఉంటే ఇబ్బంది లేదు. గడులే తారుమారైతే మీరు లక్ష్మీ ప్రసన్న వంశస్థురాలైన చౌడేపల్లి అయిపోతారు.

ఇదే అదనుగా పెట్టిన పేరు కూడా మార్చేద్దామని, ప్రసన్న తీసేసి లక్ష్మి మాత్రం ఉంచుదామని అనుకోవద్దు. వివాహ పత్రం ఇంటిపేరు మార్పునే సమర్థిస్తుంది. అసలు పేరు మార్పు వేరే దారి, దానికి పత్రికా ప్రకటనల వంటివి అదనంగా కావాలి.

వివాహ నమోదు: ఇక్కడి పేరు పాత పేరే

కొత్త పేరుకు ఆధారం వివాహ నమోదు పత్రం. ఆలయంలో ఇచ్చిన రసీదు, కల్యాణ మండపం బిల్లు, తిరుమల కల్యాణ వేదికలో పెళ్లి చేసుకున్నట్టు చూపే కాగితం ఇవేవీ దానికి బదులు కావు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి జరిగిన చోటి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో గానీ, మీరుండే చోటి కార్యాలయంలో గానీ నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా ఆధారాలు, సాక్షులు సిద్ధంగా ఉండాలి. సాక్షులుగా ఊళ్లోనే ఉండేవాళ్లను, గుర్తింపు కార్డులు సరిగ్గా ఉన్నవాళ్లను ఎంచుకోండి. పెళ్లయిన మర్నాడే బెంగళూరు బస్సెక్కే స్నేహితులను నమ్ముకోవద్దు.

చాలామంది పొరబడేది ఈ పత్రంలోని పేరు దగ్గరే. పెళ్లయిపోయింది కదా అని వధువు పేరు చోట కొత్త ఇంటిపేరు రాయిస్తారు. అలా రాస్తే ఆ పత్రం మీ పాత పాస్‌పోర్టుతో ముడిపడదు, ఎవరిదో పత్రంలా ఉంటుంది. వధువు పేరు ప్రస్తుత పాస్‌పోర్టులో ఉన్నట్టే, `MALLELA LAKSHMI PRASANNA` అని ఉండాలి. వరుడి పేరు ఆయన పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఈ రెండు పేర్లూ ఒకే పత్రంలో ఉండటమే పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య వంతెన. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు కూడా పాస్‌పోర్టుతో పోల్చుకోండి. సంతకం పెట్టే ముందు తెర మీదో, ముసాయిదా ప్రతిలోనో చదివి చూపించమని అడగండి. ముద్రించాక దిద్దించడం చాలా ఆలస్యమయ్యే పని.

చిరునామా విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. అంతకుముందు తీసుకున్న పాస్‌పోర్టులు, ఆధార్‌లలో తిరుపతి ఇంటి చిరునామా చివర చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. వివాహ పత్రంలో తిరుపతి జిల్లా అని వస్తుంది. ఊరు, పిన్‌కోడ్ ఒకటే కాబట్టి ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. మ్యూనిక్‌లో కూర్చున్న అధికారికి రెండు వేర్వేరు చిరునామాల్లా కనిపించవచ్చు. కొత్త పాస్‌పోర్టు దరఖాస్తులో జిల్లాను కూడా సరిచేసి రాస్తే అక్కడితో ఆ గోల తీరుతుంది.

ధ్రువీకరించిన ప్రతులు రెండు మూడు ఎక్కువ తీసుకోండి. విదేశానికి పట్టుకెళ్లే పత్రానికి అపోస్టిల్ ముద్ర వేయించమని ఏజెంట్లు చెబుతారు. ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశం ఆ ముద్రతోనే ఒప్పుకునే అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉన్న మాట నిజమే. కానీ భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం తెలిపింది. కాబట్టి ఆ రెండు దేశాల మధ్య అపోస్టిల్ చెల్లదు. జర్మనీ కార్యాలయం ఏదైనా పత్రాన్ని రుజువు చేయమని అడిగితే, జర్మనీ రాయబార కార్యాలయాల ద్వారా పరిశీలన జరిపిస్తారు. డబ్బు కట్టే ముందు మీరు వెళ్లే దేశం సంగతి కనుక్కోండి.

పాస్‌పోర్టు ఇక్కడా, అక్కడా?

పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది, సెలవులో ఉండగానే పని ముగించేద్దాం అనిపిస్తుంది. నివాస కార్డు ఇప్పటికే ఉన్నవాళ్లకు నా సలహా మాత్రం వేరు. సెలవు చాలా ఎక్కువ ఉంటే తప్ప, పాత పాస్‌పోర్టుతోనే వెనక్కి వెళ్లండి. పేరు మార్పు అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో చేయించుకోండి.

కారణం చెబుతాను. కొత్త పాస్‌పోర్టు ఇవ్వగానే పాతదాన్ని రద్దు చేస్తారు. మూల కత్తిరించి తిరిగి మీ చేతికే ఇస్తారు. ఆ క్షణం నుంచి మీ పాస్‌పోర్టు చౌడేపల్లి, నివాస కార్డు మల్లెల, తిరుగు టికెట్టు మల్లెల. టికెట్టు పేరు ప్రయాణం నాటి పాస్‌పోర్టుతో సరిపోవాలి కాబట్టి దాన్ని మార్పించాలి. మార్పించినా, కౌంటర్లో విమానసంస్థ ఉద్యోగి కార్డులో పేరు వేరుగా ఉందంటాడు. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, వివాహ పత్రం మూడూ చూపి నచ్చజెప్పవచ్చు. చాలాసార్లు ఒప్పుకుంటారు కూడా. కానీ అర్ధరాత్రి చెన్నై విమానాశ్రయంలో ఆ వాదన పెట్టుకోవడం ఎందుకు? పైగా పోలీసు విచారణ పడితే పాస్‌పోర్టు ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు.

ఇంకా వీసాకే దరఖాస్తు చేయని వాళ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. భర్త అక్కడున్నాడు, మీరు కొత్తగా వెళ్లబోతున్నారు అంటే, పాస్‌పోర్టు తిరుపతిలోనే మార్పించుకుని ఆ తర్వాతే వీసాకు వెళ్లండి. పాత పేరుతో వీసా తీసుకున్నాక పేరు మార్చుకుంటే చేసిన పనంతా మళ్లీ మొదలు.

దరఖాస్తు ఎక్కడ చేసినా ఎంచుకోవాల్సింది `Re-issue of Passport`. కారణం దగ్గర `Change in Existing Personal Particulars`. అక్కడ మారేవన్నీ ఒకేసారి గుర్తు పెట్టండి: పేరు, జీవిత భాగస్వామి పేరు, చిరునామా, సంతకం మారితే అదీ. ఒకటి మరిచిపోతే దానికోసం మళ్లీ కొత్త పుస్తకం తీసుకోవాలి. గతంలో పేరు మార్చుకున్నారా అన్న ప్రశ్నకు అవునని చెప్పి పాత పేరు పూర్తిగా రాయండి. దాస్తే మేలేమీ లేదు. పాత పేరు నమోదై ఉండటమే తర్వాత మీకు అండ. భారత్‌లో 36 పుటల పుస్తకానికి మామూలు రుసుము 1500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2000 అదనం. విదేశంలో రుసుము ఆ దేశపు డబ్బులో వేరుగా ఉంటుంది.

సేవా కేంద్రానికి వెళ్లేవాళ్లు మొదటి కౌంటర్ దగ్గర తొందరపడవద్దు. మీ వివరాలు తెర మీద కనిపించేది, దిద్దుబాటు తేలికగా జరిగేది అక్కడే. ఇందాక రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. పుస్తకం చేతికొచ్చాక మూడు చోట్ల చూడండి: ఫొటో పుటలో రెండు గడులు, అడుగున యంత్రం చదివే వరుస, చివరి పుటలో భర్త పేరుతో పాటు పాత పాస్‌పోర్టు నంబరు. ఆ పాత నంబరే కొత్త పుస్తకాన్ని పాత వీసాలకూ, కార్డులకూ కలిపే దారం.

నివాస కార్డు

కొత్త పాస్‌పోర్టు అందిన వారంలోనే విదేశీయుల కార్యాలయానికి రాయండి. జర్మనీలో దీన్ని ఆస్‌లెండర్‌బెహోర్డె అంటారు. పెద్ద నగరాల్లో సమయం దొరకడమే కష్టం. అందుకే అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఊరుకోకుండా, పేరు, పాస్‌పోర్టు నంబరు మారాయని ఈమెయిల్‌లో ముందే తెలియజేసి, ఆ ఈమెయిల్ ప్రతి దాచుకోండి. మీరు దాచిపెట్టలేదని చెప్పడానికి అదే సాక్ష్యం.

పేరు మారినంత మాత్రాన మీ నివాస హక్కు రద్దు కాదు. మారేది కార్డు మాత్రమే. కొత్త కార్డుకు రెండు పాస్‌పోర్టులు, పాత కార్డు, వివాహ పత్రం, కొత్త ఫొటో కావాలి, వేలిముద్రలు తీసుకుంటారు. కార్డు ముద్రణ బెర్లిన్‌లో జరుగుతుంది కాబట్టి కొన్ని వారాలు పడుతుంది. 2025 మే నుంచి ఫొటోను డిజిటల్ రూపంలోనే తీసుకుంటున్నారు. తిరుపతి స్టూడియోలో తీయించుకున్న ఫొటోల కట్ట అక్కడ పనికిరాదు. ఈ విరామంలో దేశం దాటి వెళ్లవద్దు. అత్తగారు తొలి దీపావళికి పిలిచినా సరే, కార్డు వచ్చాకే టికెట్టు తీసుకోవడం మంచిది. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తారేమో ఆ కార్యాలయాన్నే ముందుగా అడగండి.

స్థానిక చిరునామా నమోదులోనూ పేరు మార్పించండి. ఇక చిన్నదిగా కనిపించే ఇంకో పని: ఉత్తరాల పెట్టె మీద కొత్త ఇంటిపేరు అంటించండి. అక్కడ తపాలా మనిషి ఫ్లాటు నంబరు చూడడు, పెట్టె మీది పేరు చూస్తాడు. బ్యాంకు కొత్త కార్డు చౌడేపల్లి పేరుతో వచ్చి, పెట్టె మీద మల్లెల అని ఉంటే ఆ ఉత్తరం తిరిగిపోతుంది. కొన్నాళ్లు రెండు పేర్లూ ఉంచండి.

జర్మనీ పింఛను నంబరులో పుట్టింటి ఇంటిపేరు మొదటి అక్షరం ఉంటుంది. పేరు మారాక అది తప్పని అనుకుని మార్పించబోయే వాళ్లున్నారు. ఆ నంబరు జీవితాంతం అదే, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

అక్కడి బ్యాంకు, జీతం

ఈ రెండూ ఒకే నెలలో మారాలి. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు డబ్బు పంపే ముందు ఖాతా నంబరుతో పాటు పేరు కూడా సరిపోల్చి చూపిస్తున్నాయి. కంపెనీ జీతాల విభాగం మిమ్మల్ని చౌడేపల్లిగా మార్చేసి, బ్యాంకులో ఇంకా మల్లెలగానే ఉంటే పేరు కలవలేదని హెచ్చరిక వస్తుంది. డబ్బు ఆగాలని లేదు గానీ జీతం రోజున ఎవరో ఫోను చేసి అడగడం ఖాయం. అందుకే ముందు బ్యాంకు. అది పూర్తయిందని ఉత్తరం వచ్చాక కంపెనీ, ఆరోగ్య బీమా, ఇంటి అద్దె ఒప్పందం.

తిరుపతిలోని ఖాతాలు

చాలామంది అక్కడి పని అవగానే అలసిపోయి ఇక్కడి పని వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత డబ్బు పంపబోతే పేరు సరిపోక వెనక్కి వస్తుంది. ఇక్కడి వరుస ఇది: ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు.

ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పదో తరగతిలో ఉన్నప్పుడు పొడి అక్షరం విడదీయించి ఉంటే ఒకటి అప్పుడే అయిపోయినట్టు. అందుకే పాస్‌పోర్టు వచ్చాక, దాన్ని చూపి, అదే వర్ణక్రమంతో ఒక్కసారే చేయించండి. ఆధార్‌ను ముందు మార్చేసి తర్వాత పాస్‌పోర్టులో ఒక అక్షరం తేడా వస్తే ఆ రెండో అవకాశం కూడా ఖర్చయిపోతుంది. ఇంకో మాట. కొత్త దంపతులుగా తిరుమల దర్శనానికి ముందే టికెట్లు తీసుకుని ఉంటే దర్శనం అయ్యాకే ఆధార్ మార్చండి. టికెట్టు తీసుకున్నప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డునే అక్కడ అడుగుతారు.

పాన్ నంబరు మారదు, పేరు మాత్రమే మారుతుంది. అందులో తండ్రి పేరు అలాగే ఉంటుంది, భర్త పేరు రాయనక్కర్లేదు. ఆధార్, పాన్ రెండింటిలో పేరు ఒకేలా ఉంటేనే వాటి అనుసంధానం సాఫీగా సాగుతుంది.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఒకే విన్నపంలో మూడు అడగండి. పేరు మార్పు, కొత్త నమూనా సంతకం, విదేశంలో ఉంటున్నందున పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చడం. ఈ మూడోది చాలామంది వాయిదా వేస్తారు గానీ విదేశీ మారక నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. ఎలాగూ కేవైసీ పత్రాలన్నీ కొత్తగా ఇస్తున్నప్పుడు దాన్నీ కలిపేయడమే తెలివి. శాఖకు స్వయంగా వెళ్లలేకపోతే, విదేశం నుంచి పత్రాలు ఎవరి ధ్రువీకరణతో పంపాలో శాఖ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాట మీద పంపితే తిరిగొస్తాయి.

పొదుపు ఖాతాలో పేరు మారితే అన్నీ మారినట్టే అనుకోవద్దు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, లాకరు, నామినీ వివరాలు, షేర్లుంటే డీమ్యాట్ ఖాతా, పీఎఫ్ ఖాతా ఒక్కొక్కటిగా చూడాలి. అమ్మానాన్నల డిపాజిట్లలో మీరు నామినీగా పాత పేరుతో ఉంటే అది కూడా కొత్త పేరుకు మార్పించమనండి. పెళ్లిలో వచ్చిన చెక్కుల సంగతి కూడా చూసుకోవాలి. అత్తవారి వైపు బంధువులు ముచ్చటపడి కొత్త ఇంటిపేరుతో చెక్కు రాస్తారు, ఖాతా మాత్రం ఇంకా పుట్టింటి పేరుతోనే ఉంటుంది. చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. పేరు మార్పు అంతలో పూర్తయ్యేలా లేకపోతే, మొహమాటపడకుండా పాత పేరుతో వేరే చెక్కు రాయించుకోండి.

పదో తరగతి మార్కుల జాబితా, ఎస్వీ యూనివర్సిటీ పట్టా, పాత ఉద్యోగ అనుభవ పత్రాలు పాత పేరుతోనే ఉంటాయి, ఉండనివ్వండి. వాటిని చూపించాల్సిన ప్రతిచోటా వివాహ పత్రం ప్రతిని వెంట జతచేస్తే చాలు. మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టును, పాత నివాస కార్డు రెండు వైపుల స్కాన్‌ను వివాహ పత్రంతో కలిపి ఒకే ఫైల్లో ఉంచండి. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే రోజున మల్లెల పేరుతో గడిపిన ఏళ్లనూ లెక్కలో చూపించాల్సి వస్తుంది.